ఏ పని ఆగితే ఇల్లు ఆగుతుంది: క్రిటికల్ పాత్, ఫ్లోట్ లెక్క

క్రిటికల్ పాత్ అంటే ఒక ప్రాజెక్టులో మొదటి పని నుంచి చివరి పని దాకా ఉన్న వరుసలన్నిటిలో ఎక్కువ రోజులు పట్టే వరుస. ప్రాజెక్టు అంతకంటే ముందు పూర్తి కాదు. ఆ వరుసలోని ఏ పని ఒక్క రోజు ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టు ఒక్క రోజు వెనక్కి పోతుంది. ఆ వరుసకు బయట ఉన్న పనులకు కొంత వెసులుబాటు ఉంటుంది. ఆ వెసులుబాటునే ఫ్లోట్ అంటారు. సివిల్ ఇంజనీరింగు, ఎంబీఏ తరగతుల్లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద డబ్బాలు, బాణాలతో గీసే నెట్‌వర్క్ చిత్రం ఈ రెండింటినీ పట్టుకోవడానికే.

ఈ పద్ధతి పుట్టింది తరగతి గదిలో కాదు, రసాయనాల కర్మాగారంలో. అమెరికాలోని డూపాంట్ కంపెనీలో పనిచేసిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ 1957లో యూనివాక్ కంప్యూటరు సాయంతో దీనికి రూపం ఇచ్చారు. మరమ్మతుల కోసం యంత్రాలు ఆపినప్పుడు ఏ పనిని తొందరపెడితే కర్మాగారం త్వరగా మళ్లీ నడుస్తుంది అన్నది వారి ముందున్న ప్రశ్న. ఈ పద్ధతి వాడాక డూపాంట్ వారి లూయీవిల్ కర్మాగారంలో మరమ్మతు విరామం 125 గంటల నుంచి 93 గంటలకు తగ్గింది. దాదాపు అదే కాలంలో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనుల కోసం పెర్ట్ అనే మరో పద్ధతిని తయారు చేసుకుంది. పని ఎన్ని రోజులు పడుతుందో కచ్చితంగా చెప్పలేని చోట పెర్ట్ మూడు అంచనాలు తీసుకుంటుంది. క్రిటికల్ పాత్ పద్ధతి ఒకే అంచనాతో సాగుతుంది. రోజులు తెలిశాక బోర్డు మీద చేసే లెక్క మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఆ లెక్కను మొదటి నుంచి చివరి దాకా చూడటానికి అందరికీ తెలిసిన పని ఒకటి చాలు. ఒక అంతస్తు ఇల్లు కట్టడాన్ని తీసుకుని, ఆ పనిని పది ముక్కలుగా విడగొడితే లెక్క స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు జాబితా, తర్వాతే చిత్రం

చిత్రం గీయడానికి ముందు ప్రతి పనికీ రెండు సంగతులు తేలాలి. ఒకటి, ఆ పనికి ఎన్ని రోజులు పడుతుంది. రెండు, ఏ పనులు పూర్తయితే తప్ప అది మొదలు కాదు. రెండో ప్రశ్నే కష్టమైనది. "సాధారణంగా దేని తర్వాత చేస్తారు" అని అడిగితే అలవాటు బయటికి వస్తుంది. "ఏది లేకపోతే ఇది చేయలేరు" అని అడిగితేనే అసలు ఆధారం బయటికి వస్తుంది. జాబితాలో ఉండవలసింది ఆ రెండో జవాబు.

| పని | రోజులు | ముందు పూర్తి కావలసినవి |
|---|---|---|
| పునాది | 20 | ఏదీ లేదు |
| ద్వారబంధాలు, కిటికీ చట్రాల తయారీ | 14 | ఏదీ లేదు |
| గోడలు | 18 | పునాది, ద్వారబంధాలు |
| స్లాబు | 25 | గోడలు |
| తలుపు రెక్కల తయారీ | 30 | ద్వారబంధాలు |
| సెప్టిక్ ట్యాంకు, బయటి డ్రైనేజీ | 15 | పునాది |
| వైరింగు గొట్టాలు, నీటి పైపులు, ప్లాస్టరింగ్ | 20 | స్లాబు |
| టైల్స్, బాత్‌రూమ్ పనులు | 10 | ప్లాస్టరింగ్, డ్రైనేజీ |
| తలుపులు బిగించడం | 4 | ప్లాస్టరింగ్, తలుపు రెక్కలు |
| రంగులు, లైట్లు | 12 | టైల్స్, తలుపుల బిగింపు |

ఈ జాబితాలో ఒకటి రెండు వరుసలు కాస్త ఆగి చూడదగినవి. గోడలు మొదలు కావాలంటే పునాది పూర్తి కావాలి. అది అందరికీ తెలుసు. ద్వారబంధాలు కూడా చేతికి రావాలన్నది మాత్రం చాలామంది మరిచిపోయే ఆధారం. ఈ ఇంట్లో గుమ్మాలు నిలబెట్టి, వాటికి ఆనించి గోడ కడుతున్నారు. వడ్రంగి ద్వారబంధాలు ఇవ్వకపోతే మేస్త్రీ చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

స్లాబుకు రాసిన 25 రోజుల్లో కాంక్రీటు పోసేది ఒక్క రోజే. సెంట్రింగుకూ, కడ్డీలు కట్టడానికీ కలిపి 10 రోజులు. మిగతా 14 రోజులు కాంక్రీటు బలపడేదాకా ఆగడానికి. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, మామూలు సిమెంటుతో పోసిన స్లాబు వెడల్పు 4.5 మీటర్లు దాటితే కింది ఊతాలను కనీసం 14 రోజులు ఉంచాలి. ఈ ఇంట్లో హాలు అంత వెడల్పుగా ఉందనుకుని వేసిన లెక్క ఇది. ఈ రోజుల్లో స్లాబును తడపడం తప్ప మరో పని లేదు. అయినా ఆ నిరీక్షణను జాబితాలో రాయకపోతే లెక్క మొత్తం తప్పిపోతుంది. చేతులు ఆడినా ఆడకపోయినా కాలం తీసుకునే ప్రతిదీ ఈ పద్ధతిలో పనే.

డబ్బాలు, బాణాలు

జాబితాను చిత్రంగా మార్చడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. పాత పద్ధతిలో ప్రతి బాణం ఒక పని. బాణాలు కలిసే చోట ఉండే గుండ్రటి సున్నా ఒక ఘట్టం. అందులో ఒక చిక్కు ఉంది. గోడలకు పునాదీ ద్వారబంధాలూ రెండూ కావాలి. డ్రైనేజీకి పునాది ఒక్కటే చాలు, తలుపు రెక్కలకు ద్వారబంధాలు ఒక్కటే చాలు. మూడింటినీ ఒకే సున్నా నుంచి మొదలుపెడితే, ద్వారబంధాలు వస్తే తప్ప డ్రైనేజీ మొదలు కాదన్న తప్పుడు అర్థం వస్తుంది. దాన్ని తప్పించడానికి డమ్మీ అనే చుక్కల బాణం గీస్తారు. దానికి రోజులు ఉండవు, ఖర్చు ఉండదు, ఆధారాన్ని చూపించడమే దాని పని. ఈ చిన్న ఇంటి చిత్రానికే అలాంటి డమ్మీలు నాలుగు అవసరమవుతాయి.

రెండో పద్ధతిలో ప్రతి డబ్బా ఒక పని, బాణాలు ఆధారాలు మాత్రమే. ఇందులో డమ్మీల గొడవ లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫాండాల్ 1961లో కట్టడాల కోసం, కంప్యూటరు లేకుండా చేతితో చేసుకునేలా ఈ పద్ధతిని వివరించాడు. నేటి సాఫ్ట్‌వేర్లు వాడేది ఎక్కువగా ఇదే. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే సులువు.

డబ్బాల పద్ధతిలో గీస్తే చిత్రం ఎడమవైపు పునాది, ద్వారబంధాలు అనే రెండు డబ్బాలతో మొదలవుతుంది. ఆ రెండింటి నుంచీ బాణాలు గోడల డబ్బాలోకి చేరతాయి. పునాది నుంచి మరో బాణం డ్రైనేజీకి, ద్వారబంధాల నుంచి మరో బాణం తలుపు రెక్కలకు వెళతాయి. గోడల నుంచి స్లాబుకు, స్లాబు నుంచి ప్లాస్టరింగుకు ఒకే దారి. ప్లాస్టరింగు తర్వాత దారి చీలుతుంది. ఒక కొమ్మ టైల్స్‌కు, మరొకటి తలుపుల బిగింపుకు. చివరికి రెండూ కుడివైపున ఉన్న రంగుల డబ్బాలో కలుస్తాయి. గీయడం పూర్తయ్యాక ఒక పరీక్ష చేసుకోవాలి. చివరి డబ్బా తప్ప మరే డబ్బా నుంచీ బాణం బయలుదేరకుండా ఉండకూడదు. అలా వేలాడే డబ్బా ఉంటే ఎక్కడో ఒక ఆధారం రాయడం మరిచిపోయినట్టే.

ముందుకు లెక్క: ఎంత త్వరగా?

ఇప్పుడు ప్రతి డబ్బాలో నాలుగు అంకెలు నింపాలి. పై రెండు మూలల్లో ఆ పని ఎంత త్వరగా మొదలు కాగలదో, ఎంత త్వరగా పూర్తి కాగలదో రాస్తారు. వీటిని ఎర్లీ స్టార్ట్, ఎర్లీ ఫినిష్ అంటారు. కింది రెండు మూలల్లో ఎంత ఆలస్యంగా మొదలైనా, ఎంత ఆలస్యంగా పూర్తయినా ప్రాజెక్టు చెడదో రాస్తారు. అవి లేట్ స్టార్ట్, లేట్ ఫినిష్. పై అంకెలు ఎడమ నుంచి కుడికి, కింది అంకెలు కుడి నుంచి ఎడమకు వస్తాయి.

లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. సున్నా అంటే మొదటి రోజు ఉదయం, 20 అంటే ఇరవయ్యో రోజు సాయంత్రం. పునాది సున్నాకు మొదలై 20కి పూర్తవుతుంది. దాని తర్వాతి పనికి ఎర్లీ స్టార్ట్ 20 అని రాస్తే, అది ఇరవై ఒకటో రోజు ఉదయం మొదలవుతుందని అర్థం. కొన్ని పుస్తకాలు లెక్కను ఒకటి నుంచి మొదలుపెడతాయి. ఏ పద్ధతైనా ఫరవాలేదు కానీ రెండింటినీ కలపకూడదు. పరీక్ష పేపర్లలో ఒక రోజు తేడాతో జవాబు తప్పడానికి చాలాసార్లు కారణం ఇదే.

ద్వారబంధాలు సున్నా నుంచి 14. ఇక గోడలు. పునాది 20కి, ద్వారబంధాలు 14కి పూర్తవుతాయి. గోడలకు రెండూ కావాలి కాబట్టి ఆలస్యంగా వచ్చేదాని కోసమే ఆగాలి. అందుకే 20 తీసుకోవాలి. ముందుకు వెళ్లేటప్పుడు ఒక డబ్బాలోకి ఎన్ని బాణాలు వచ్చినా వాటిలో పెద్ద అంకెనే తీసుకోవాలన్న సూత్రానికి కారణం ఇంతే. గోడలు 20 నుంచి 38, స్లాబు 38 నుంచి 63, ప్లాస్టరింగు 63 నుంచి 83.

పక్క దారుల్లో తలుపు రెక్కలు 14 నుంచి 44, డ్రైనేజీ 20 నుంచి 35. టైల్స్‌కు ప్లాస్టరింగు 83కి, డ్రైనేజీ 35కి అందుతాయి. పెద్దది 83 కాబట్టి టైల్స్ 83 నుంచి 93. తలుపుల బిగింపుకు 83, 44లలో పెద్దది 83 కాబట్టి 83 నుంచి 87. చివరగా రంగులకు 93, 87లలో పెద్దది 93. అందులో 12 కలిపితే 105. ఈ ఇల్లు 105 రోజులకు ముందు పూర్తి కాదు.

వెనక్కి లెక్క: ఎంత ఆలస్యమైనా సరే?

రెండో ప్రయాణం 105 దగ్గర మొదలై వెనక్కి వస్తుంది. రంగులు 105కి పూర్తి కావాలి కాబట్టి ఆలస్యమైనా 93కి మొదలు కావాలి. టైల్స్ 93కి పూర్తి కావాలి, అంటే 83కి మొదలు కావాలి. తలుపుల బిగింపు కూడా 93కి పూర్తయితే చాలు. దానికి నాలుగు రోజులే పడుతుంది కాబట్టి 89 దాకా మొదలుపెట్టకపోయినా నష్టం లేదు.

ప్లాస్టరింగు నుంచి రెండు బాణాలు బయలుదేరుతున్నాయి. ఒకటి 83కి మొదలు కావలసిన టైల్స్‌కు, మరొకటి 89కి మొదలైనా సరిపోయే తలుపుల బిగింపుకు. ప్లాస్టరింగు ఎప్పటికి పూర్తి కావాలి? ఎక్కువ తొందరలో ఉన్న పని కోరినట్టు, 83కే. అందుకే వెనక్కి వచ్చేటప్పుడు చిన్న అంకె తీసుకోవాలి. ముందుకు వెళ్లేటప్పుడు పెద్దది, వెనక్కి వచ్చేటప్పుడు చిన్నది. ఇది కంఠస్థం చేసినవారు పరీక్ష హాల్లో తికమక పడతారు. ఎవరి కోసం ఎవరు ఆగాలో ఆలోచించినవారు పడరు.

అలాగే వెనక్కి వస్తే స్లాబు 38 నుంచి 63, గోడలు 20 నుంచి 38. డ్రైనేజీ టైల్స్ మొదలయ్యే 83 లోపు పూర్తయితే చాలు కాబట్టి 68 దాకా మొదలు కాకపోయినా సరే. తలుపు రెక్కలు 89 లోపు వస్తే చాలు కాబట్టి 59కి మొదలైనా సరే. ద్వారబంధాల తర్వాత రెండు పనులు ఉన్నాయి. గోడలు 20కి మొదలు కావాలి, తలుపు రెక్కలు 59కి మొదలైనా చాలు. చిన్నది 20. కాబట్టి ద్వారబంధాలు 20 లోపు రావాలి, అంటే 6కి మొదలైనా పరవాలేదు. పునాదికి గోడలు 20 అంటాయి, డ్రైనేజీ 68 అంటుంది. చిన్నది 20. అందులోంచి 20 తీసేస్తే సున్నా. వెనక్కి వచ్చిన లెక్క సున్నా దగ్గర ఆగాలి. ఆగకపోతే ఎక్కడో తప్పు జరిగింది.

ఫ్లోట్ బయటపడే చోటు

ఇప్పుడు ప్రతి డబ్బాలో కింది అంకెకూ పై అంకెకూ తేడా చూస్తే చాలు. లేట్ స్టార్ట్‌లోంచి ఎర్లీ స్టార్ట్ తీసేస్తే వచ్చేది టోటల్ ఫ్లోట్. అంటే ప్రాజెక్టు చివరి తేదీ చెడకుండా ఆ పని ఎన్ని రోజులు ఆలస్యం కావచ్చో చెప్పే అంకె.

దానితోపాటు ఫ్రీ ఫ్లోట్ అనే మరో అంకె ఉంది. ఒక పని ఆలస్యమైనా దాని వెనుక ఉన్న ఏ పనీ తన త్వరిత తేదీ నుంచి కదలకుండా ఉండగలిగే రోజులు అవి. తర్వాతి పనుల ఎర్లీ స్టార్టులలో చిన్నదాని నుంచి ఈ పని ఎర్లీ ఫినిష్ తీసేస్తే ఫ్రీ ఫ్లోట్ వస్తుంది.

| పని | ఎర్లీ స్టార్ట్ | లేట్ స్టార్ట్ | టోటల్ ఫ్లోట్ | ఫ్రీ ఫ్లోట్ |
|---|---|---|---|---|
| పునాది | 0 | 0 | 0 | 0 |
| ద్వారబంధాలు | 0 | 6 | 6 | 0 |
| గోడలు | 20 | 20 | 0 | 0 |
| స్లాబు | 38 | 38 | 0 | 0 |
| తలుపు రెక్కలు | 14 | 59 | 45 | 39 |
| డ్రైనేజీ | 20 | 68 | 48 | 48 |
| ప్లాస్టరింగ్ | 63 | 63 | 0 | 0 |
| టైల్స్ | 83 | 83 | 0 | 0 |
| తలుపుల బిగింపు | 83 | 89 | 6 | 6 |
| రంగులు | 93 | 93 | 0 | 0 |

టోటల్ ఫ్లోట్ సున్నా ఉన్న పనులను వరుసగా కలిపితే క్రిటికల్ పాత్ వస్తుంది. పునాది, గోడలు, స్లాబు, ప్లాస్టరింగు, టైల్స్, రంగులు. సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. చిత్రంలో మొదటి నుంచి చివరి దాకా ఉన్న దారులన్నిటినీ కూడి చూడటం. ఈ ఇంటికి ఆరు దారులు ఉన్నాయి. క్రిటికల్ దారి 105 రోజులు. రెండు దారులు 99 రోజుల చొప్పున, ఒకటి 93 రోజులు. తలుపు రెక్కల గుండా వెళ్లేది 60, డ్రైనేజీ గుండా వెళ్లేది 57. పెద్దది 105 కాబట్టి లెక్క సరిపోయింది. డబ్బాలు పదీ పన్నెండూ ఉన్నంతవరకు ఇలా కూడి చూడవచ్చు. వంద దాటితే దారులు లెక్కపెట్టలేనన్ని అవుతాయి. అప్పుడు ముందుకూ వెనక్కీ చేసే లెక్క ఒక్కటే మార్గం.

క్రిటికల్ అన్న మాట విని అవి ముఖ్యమైన పనులనీ మిగతావి అప్రధానమనీ అనుకునేవారు ఉన్నారు. సెప్టిక్ ట్యాంకు లేకుండా ఇంట్లో ఎవరూ ఉండలేరు. అయినా దానికి 48 రోజుల ఫ్లోట్ ఉంది. ఈ లెక్క పని విలువ గురించి, ఖర్చు గురించి, కష్టం గురించి ఏమీ చెప్పదు. కాలం గురించి మాత్రమే చెబుతుంది.

ఉమ్మడి ఫ్లోట్

పట్టికలో అతి ఎక్కువగా పొరపాటు జరిగే చోటు తలుపుల వరుస. తలుపు రెక్కలకు 45 రోజులు, బిగింపుకు 6 రోజులు, కలిపి 51 రోజుల వెసులుబాటు ఉన్నట్టు కనిపిస్తుంది. అది నిజం కాదు. తలుపు రెక్కలు 45 రోజులు ఆలస్యమై 89కి వస్తే, బిగింపు 89కి మొదలై 93కి పూర్తవుతుంది. బిగింపుకు చెందినట్టు కనిపించిన ఆరు రోజులు అప్పటికే ఖర్చయిపోయాయి. టోటల్ ఫ్లోట్ ఉమ్మడి కుటుంబం సొమ్ము లాంటిది. ఒకే దారిలోని పనులు దాన్ని పంచుకుంటాయి, ముందు పని వాడుకున్నంత మేరకు వెనుక పనికి తగ్గుతుంది. ఫ్రీ ఫ్లోట్ మాత్రమే ఆ పనికి సొంతం. తలుపు రెక్కల పట్టికలో ఫ్రీ ఫ్లోట్ 39 అని ఉండటానికి కారణం ఇదే. 39 రోజుల దాకా వడ్రంగి ఆలస్యం చేసినా బిగించేవారి తేదీ కదలదు. ఆపై ప్రతి రోజూ వారి వెసులుబాటులోంచే పోతుంది.

ద్వారబంధాల పరిస్థితి ఇంకా ఆలోచించదగినది. టోటల్ ఫ్లోట్ ఆరు, ఫ్రీ ఫ్లోట్ సున్నా. వడ్రంగి ఆరు రోజులు ఆలస్యం చేసినా గోడలు ఆగవు, ఇల్లు ఆగదు. కానీ ఒక్క రోజు ఆలస్యమైనా తలుపు రెక్కల పని వెంటనే ఒక రోజు వెనక్కి జరుగుతుంది.

పెద్ద కట్టడాల్లో యజమానికీ కాంట్రాక్టరుకూ మధ్య ఈ ప్రశ్న తగాదాగా మారుతుంది. డిజైను ఇవ్వడంలో యజమాని పది రోజులు ఆలస్యం చేస్తే, ఆ ఫ్లోట్ వాడుకునే హక్కు ఎవరిది? బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా 2002లో ప్రచురించిన మార్గదర్శకాలు, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే ఫ్లోట్ ఏ ఒక్కరి సొత్తూ కాదన్న వైఖరి తీసుకున్నాయి. మొత్తం ఫ్లోట్ అయిపోయి చివరి తేదీ కదిలినప్పుడే గడువు పొడిగింపు అడిగే హక్కు వస్తుంది. ఒప్పందంలో ఈ సంగతి ముందే రాసుకోవడం మేలు.

దారి మారుతుంది

క్రిటికల్ పాత్ ఒకసారి గీసి దాచుకునే గీత కాదు. వడ్రంగి ద్వారబంధాలకు 14 రోజులకు బదులు 24 రోజులు తీసుకున్నాడనుకుంటే, గోడలు 24కి గానీ మొదలు కావు. ఇల్లు 109 రోజులు పడుతుంది. పది రోజుల ఆలస్యంలో ఆరు ఫ్లోట్ మింగింది, నాలుగు ఇంటి మీద పడ్డాయి. ఇప్పుడు క్రిటికల్ పాత్ ద్వారబంధాల దగ్గర మొదలవుతుంది. పునాదికి కొత్తగా నాలుగు రోజుల వెసులుబాటు వచ్చింది. పాత పటం చూసి పునాది మేస్త్రీని తొందరపెట్టి, కూలి ఎక్కువ ఇచ్చి, రెండు రోజులు ముందుగా పూర్తి చేయించినా ఇల్లు ఒక్క గంట కూడా ముందుకు రాదు. అందుకే అనుభవం ఉన్నవారు సున్నా ఫ్లోట్ పనులతోపాటు అతి తక్కువ ఫ్లోట్ ఉన్నవాటి మీద కూడా కన్ను వేసి ఉంచుతారు. ఈ ఇంట్లో ఆరు రోజుల ఫ్లోట్ ఉన్న ద్వారబంధాలు, తలుపుల బిగింపు అలాంటివి.

పని తొందరగా ముగించాలన్నా ఇదే జాగ్రత్త కావాలి. టైల్స్‌కు ఇద్దరు మేస్త్రీల బృందాలను పెట్టి పది రోజుల పనిని ఐదు రోజుల్లో చేయిస్తే ఇల్లు 100 రోజులకు వస్తుంది. అప్పటికి తలుపుల బిగింపుకు ఒక్క రోజు వెసులుబాటే మిగులుతుంది. ఇంకా కూలీలను పెంచి టైల్స్‌ను నాలుగు రోజులకు తెస్తే ఇల్లు 99 రోజులకు చేరుతుంది. అక్కడితో రెండు దారులు సమానమవుతాయి, రెండూ క్రిటికల్. ఆపైన టైల్స్ మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా. స్లాబులోని 14 రోజుల నిరీక్షణను డబ్బుతో తగ్గించాలని చూడటం అంతకంటే చెడ్డది. ఊతాలు ముందే తీస్తే స్లాబు వంగడమో పగలడమో జరగవచ్చు. కాబట్టి తొందరపెట్టే ముందు అడగవలసినవి రెండు ప్రశ్నలు. ఆ పని ఇప్పుడు క్రిటికల్ పాత్ మీద ఉందా? ఉంటే, క్రిటికల్ పనులన్నిటిలో రోజుకు తక్కువ ఖర్చుతో తగ్గేది అదేనా?

చిత్రానికి కనిపించనిది

ఈ లెక్కకు పెద్ద పరిమితి ఒకటి ఉంది. పనులకు మధ్య ఆధారాలను అది చూస్తుంది కానీ మనుషులను చూడదు. డ్రైనేజీకి 48 రోజుల ఫ్లోట్ అని పట్టిక చెబుతోంది. ఆ పనిని గోడలు కట్టే మేస్త్రీ బృందమే చేయాలంటే ఆ 48 రోజులు కాగితం మీదే ఉంటాయి. 20 నుంచి 38 దాకా ఆ బృందం గోడల మీద ఉంటుంది. 63 నుంచి 83 దాకా ప్లాస్టరింగు మీద ఉంటుంది. రెండూ క్రిటికల్ పనులు, కదపడానికి వీల్లేదు. మిగిలింది 38 నుంచి 63 దాకా, అంటే స్లాబు జరిగే 25 రోజులు. సెంట్రింగు వాళ్లు, కడ్డీ పనివాళ్లు వేరే కాబట్టి ఆ కాలంలో ఈ బృందానికి కాంక్రీటు పోసే రోజు తప్ప పెద్దగా పని ఉండదు. పదిహేను రోజుల సెప్టిక్ ట్యాంకు పని అక్కడ చక్కగా ఇముడుతుంది. కానీ 48 రోజుల వెసులుబాటు ఇప్పుడు పది రోజులకు తగ్గింది.

ఒకే బృందాన్ని రెండు పనులకు సర్దడాన్ని రిసోర్స్ లెవలింగ్ అంటారు. ఫ్లోట్ అసలు ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. అది పని వాయిదా వేసుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు. ఉన్న మనుషులను, ఉన్న యంత్రాలను ఎప్పుడు ఎక్కడ వాడాలో నిర్ణయించుకోవడానికి చేతిలో ఉన్న జాగా. డ్రైనేజీకి చాలా ఫ్లోట్ ఉంది కదా అని దాన్ని 68 దాకా ఆపితే, సరిగ్గా ప్లాస్టరింగు జోరుగా సాగే రోజుల్లో అదే మేస్త్రీ రెండు చోట్ల కావలసి వస్తాడు. అప్పుడు ఫ్లోట్ ఉన్న పనే ఇంటిని ఆపుతుంది.

అంచనాలు ఎంతవరకు నిజమైతే జవాబు కూడా అంతవరకే నిజం. వాన, సిమెంటు రాకపోవడం, పండగ సెలవులు ఈ 105లో లేవు. అందుకే చిత్రాన్ని వారానికొకసారి తెరిచి, జరిగిన పనులకు అసలు తేదీలు రాసి, మిగిలిన పనులకు రోజులు మళ్లీ అంచనా వేసి, ముందుకూ వెనక్కీ లెక్క కొత్తగా చేయాలి. ఇల్లు కట్టించుకునేవారు ఆ వారం మేస్త్రీని అడగవలసిన ప్రశ్న "పని ఎంతవరకు వచ్చింది" అన్నది కాదు. "ఇవాళ్టి లెక్క ప్రకారం ఫ్లోట్ లేని పనులు ఏవి, వాటికి కావలసిన సరుకూ మనుషులూ సిద్ధంగా ఉన్నారా" అన్నదే.